ఒక్క మెసేజ్‌కి చెయ్యి రెండుసార్లు ఎందుకు అదురుతోంది?

"నాది ఆండ్రాయిడ్ ఫోన్. ఈమధ్యే మామూలు బ్లూటూత్ స్మార్ట్‌వాచ్ ఒకటి కొన్నాను. వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తే ఫోన్ ఒకసారి, వాచ్ రెండుసార్లు వైబ్రేట్ అవుతున్నాయి. ఎస్సెమ్మెస్ వస్తే వాచ్ మూడుసార్లు కూడా అదురుతోంది. విసుగొచ్చి అన్నీ ఆఫ్ చేస్తే మా అక్క పంపిన ముఖ్యమైన మెసేజ్ రెండు గంటల తర్వాత చూశాను. వాచ్‌కి ఏ యాప్స్ రానివ్వాలి, ఈ డబుల్ గోల ఎలా ఆపాలి?"

ఫోన్ ఒకసారి, వాచ్ రెండుసార్లు, ఎస్సెమ్మెస్‌కి మూడుసార్లు అని లెక్కపెట్టి రాశారు చూడండి, అది చాలా మంచి పని చేశారు. చాలామంది "వాచ్ గోల చేస్తోంది" అని ఊరుకుంటారు, అలా చెబితే ఎవరూ ఏమీ చెప్పలేరు. మీ లెక్కలో రెండు వేరు వేరు సమస్యలు కనిపిస్తున్నాయి. ఫోన్ ఒకసారి వాచ్ ఒకసారి మోగడం ఒక సమస్య, వాచ్ ఒక్కటే రెండు మూడుసార్లు మోగడం ఇంకో సమస్య. రెండింటికీ కారణాలు వేరు, సెట్టింగులు ఉండే చోట్లు కూడా వేరు, అందుకే ఒకదానికి మందు వేస్తే రెండోది తగ్గదు.

ముందు ఈ వాచ్‌కి మెసేజ్ ఎలా చేరుతుందో చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమైపోతుంది. మీ వాచ్‌లో వాట్సాప్ లేదు. ఫోన్‌లో మీరు వేసుకున్న వాచ్ యాప్ ఉంది కదా, దానికి మొదట్లోనే మీరు నోటిఫికేషన్లు చదివే పర్మిషన్ ఇచ్చి ఉంటారు. Settings > Apps > Special app access > Notification access లోకి వెళ్తే ఆ పేరు కనిపిస్తుంది (కొన్ని ఫోన్లలో చివరి పేరు Device & app notifications అని ఉంటుంది). ఆ పర్మిషన్ ఉన్న యాప్‌కి ఫోన్‌లో ఏ నోటిఫికేషన్ వచ్చినా ఒక కాపీ అందుతుంది. అది తన లిస్టు చూసుకుంటుంది, ఆ యాప్‌కి మీరు టిక్ పెట్టి ఉంటే బ్లూటూత్ మీదుగా వాచ్‌కి పంపిస్తుంది. అంతకు మించి అది ఆలోచించదు. ఫోన్ ఇప్పటికే మోగిందా లేదా దానికి అనవసరం. ఫోన్‌కైతే మీ చేతికి వాచ్ ఉందన్న సంగతే తెలియదు, దాని పని అది చేసుకుపోతుంది. ఇద్దరు మనుషులు ఒకే కబురు పట్టుకుని ఒకరికి తెలియకుండా ఒకరు మీ తలుపు కొట్టినట్టు ఉంటుంది ఇది.

సెట్టింగులు ముట్టుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్‌లో Settings > Notifications > Notification history అని ఉంటుంది, ఆండ్రాయిడ్ 11 నుంచి వచ్చింది, అది ఆన్ చేయండి. గత 24 గంటల్లో ఏ యాప్ ఎన్ని గంటలకి ఏ నోటిఫికేషన్ పెట్టిందో, మీరు తుడిచేసినవి కూడా, అక్కడ ఉంటాయి. ఆన్ చేశాక వచ్చినవే కనిపిస్తాయి, పాతవి రావు. ఇప్పుడు ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి బల్ల మీద పెట్టండి, వాచ్ చేతికి ఉండనివ్వండి, మీ అక్కనో ఇంకెవరినో ఒకే ఒక్క ఎస్సెమ్మెస్ పంపమనండి. వాచ్ అదిరిన ప్రతిసారీ దాని స్క్రీన్ మీద ఏ యాప్ గుర్తు కనిపించిందో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత వాట్సాప్‌తో కూడా ఇలాగే చేయండి. తొందరపడి రెండూ ఒకేసారి పంపించుకుంటే ఏ అదురు దేనిదో తెలియక మళ్లీ మొదటికొస్తారు.

ఎస్సెమ్మెస్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ తప్పు ఎక్కడుందో నేను చూడకుండానే చాలావరకు చెప్పగలను. ఇలాంటి వాచ్‌ల యాప్‌లో నోటిఫికేషన్ల పేజీ తెరిస్తే పైన కాల్స్ అని, ఎస్సెమ్మెస్ అని విడిగా రెండు స్విచ్‌లు ఉంటాయి, వాటి కింద యాప్స్ లిస్టు ఉంటుంది. పైన ఉన్న ఎస్సెమ్మెస్ స్విచ్ నోటిఫికేషన్ చూసి పనిచేసేది కాదు, ఫోన్‌కి వచ్చిన ఎస్సెమ్మెస్‌ని ఆ వాచ్ యాప్ నేరుగా చదివి పంపుతుంది. అందుకే మొదట్లో ఎస్సెమ్మెస్ పర్మిషన్ కూడా విడిగా అడిగి ఉంటుంది. కింద లిస్టులో మళ్లీ మెసేజెస్ యాప్ ఉంటుంది, అది నోటిఫికేషన్ దారిలో వస్తుంది. రెండూ ఆన్‌లో ఉంటే ఒకే మెసేజ్ రెండు దారుల్లో చేతికి చేరుతుంది, అదీ రెండు అదుర్లు. ఇక మూడోది? దాదాపుగా అది, ఎవరు ఫోన్ చేస్తున్నారో పేరు చూపించే కాలర్ ఐడీ యాప్ ఏదో మీ ఫోన్‌లో ఉండి ఉంటుంది, అలాంటివి మెసేజ్‌లకి కూడా సొంతంగా నోటిఫికేషన్ పెడతాయి. Notification history లో ఒకే నిమిషంలో, ఒకే మెసేజ్‌కి రెండు వేరు వేరు యాప్‌ల పేర్లు పక్కపక్కన కనిపిస్తే అదే ఖాయం.

ఈ మూడింట్లో ఏది ఉంచాలి అంటే, పైన ఉన్న ఎస్సెమ్మెస్ స్విచ్ ఆఫ్ చేసి కింద లిస్టులో మెసేజెస్ యాప్ ఒక్కటే ఉంచమంటాను. చాలామంది దీనికి ఉల్టాగా చేస్తారు, పైన పెద్దగా కనిపిస్తుంది కాబట్టి అదే అసలైనదనుకుని. కానీ ఇప్పుడు మెసేజెస్ యాప్‌లో ఇంటర్నెట్ మీద వచ్చే చాట్ మెసేజ్‌లు కూడా ఉంటున్నాయి కదా, ఆర్‌సీఎస్ అంటారు, అవి ఎస్సెమ్మెస్‌లు కావు, కాబట్టి ఆ పై స్విచ్‌కి అవి కనిపించవు. పై స్విచ్ మీద ఆధారపడితే కొన్ని మెసేజ్‌లు చేతికొస్తాయి, కొన్ని రావు, ఎందుకు రాలేదో మీకు ఎప్పటికీ అర్థం కాదు. స్విచ్ ఆఫ్ చేశాక ఫోన్ సెట్టింగుల్లో ఆ వాచ్ యాప్‌కి ఇచ్చిన ఎస్సెమ్మెస్ పర్మిషన్ కూడా తీసేయండి. మీ ఇన్‌బాక్స్ మొత్తం చదివే హక్కు ఒక వాచ్ యాప్‌కి ఎందుకు, నాకైతే అది అస్సలు నచ్చదు. కొన్ని వాచ్‌లలో చేతి మీద నుంచే రెడీమేడ్ జవాబు పంపే సదుపాయం ఆ పర్మిషన్ మీద నడుస్తుంది, అది మీరు నిజంగా వాడుతుంటే మాత్రం ఉంచుకోండి. కాలర్ ఐడీ యాప్‌ని వాచ్ లిస్టులోంచి తీసేయండి, వీలైతే ఆ యాప్ లోపల కూడా మెసేజ్ నోటిఫికేషన్లు ఆపేయండి, అప్పుడు ఫోన్ మీద కూడా రెండుసార్లు రావు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఫోన్ ఆండ్రాయిడ్ 15 గానీ అంతకంటే కొత్తది గానీ అయితే ఓటీపీ వచ్చినప్పుడు వాచ్ మీద అంకెలు కనిపించకుండా Sensitive notification content hidden అని రావచ్చు. అది చెడిపోవడం కాదు, ఓటీపీలు వేరే యాప్‌లు చదవకుండా ఫోనే దాచేస్తోంది. వాచ్‌ని రీసెట్ చేసి టైమ్ పాడుచేసుకోకండి, ఓటీపీకి ఫోన్ తీయండి, అంతే.

వాట్సాప్ రెండు అదుర్ల కథ వేరు. అక్కడ రెండో యాప్ ఏమీ లేదు, వాట్సాపే రెండు నోటిఫికేషన్లు పెడుతుంది. ఒకటి మెసేజ్‌ది, ఎవరు పంపారు, ఏం రాశారు. రెండోది వాటన్నిటికీ పైన తలలాగా ఉండే మొత్తం లెక్క, ఇన్ని చాట్లలో ఇన్ని మెసేజ్‌లు అని చెప్పేది. ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఈ రెంటినీ ఒకే గుంపుగా కట్టి ఒకసారే మోగిస్తుంది కాబట్టి మీకు తేడా తెలియదు. కానీ వాచ్ యాప్‌కి అవి రెండు విడి నోటిఫికేషన్లుగా అందుతాయి, తలని తలగా గుర్తుపట్టి వదిలేయడం ఆ యాప్ రాసినవాళ్లు పట్టించుకోకపోతే రెండింటినీ పంపేస్తుంది. పరీక్ష చేసినప్పుడు రెండో అదురులో మనిషి మాట కాకుండా మెసేజ్‌ల లెక్క కనిపిస్తే ఇదే కారణం. ఒకే చాట్‌లో చదవని మెసేజ్ ఉన్నప్పుడు ఒకసారే అదిరి, రెండు మూడు చాట్లు చదవకుండా ఉన్నప్పుడే రెండుసార్లు అదురుతుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

దీన్ని పూర్తిగా ఆపే స్విచ్ వాట్సాప్‌లో లేదు, ఉందని చెప్పి మిమ్మల్ని తిప్పించడం నాకిష్టం లేదు. వాచ్ యాప్‌కి అప్‌డేట్ ఉంటే వేయండి, ఇలాంటివి సరిచేయాల్సింది అక్కడే. అప్పటిదాకా మీ చేతిలో ఉన్న పని ఏమిటంటే, చదవని చాట్ల గుట్ట పేరుకోకుండా చూసుకోవడం. గోల చేసే గ్రూపులన్నీ ఆర్కైవ్‌లో పెట్టండి. ఆర్కైవ్‌లో ఉన్న చాట్‌కి కొత్త మెసేజ్ వచ్చినా అది అక్కడే ఉంటుంది, మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తేనో మీ మెసేజ్‌కి జవాబిస్తేనో తప్ప నోటిఫికేషన్ రాదు (వాట్సాప్ సెట్టింగుల్లో చాట్స్‌లో Keep chats archived ఆన్‌లో ఉండాలి). గ్రూపులు పోతే మిగిలేది నిజంగా మీతో మాట్లాడే పదిమంది, వాళ్ల మెసేజ్‌లు ఒకేసారి రెండు మూడు చాట్లలో చదవకుండా ఉండటం అరుదు, అందుకని ఆ లెక్క చెప్పే రెండో అదురు కూడా అరుదైపోతుంది. ఇంకొకటి, వాట్సాప్ కంప్యూటర్‌లో తెరిచినప్పుడో, బ్యాకప్ జరుగుతున్నప్పుడో వచ్చే నోటిఫికేషన్లు కూడా ఇలాంటి వాచ్‌లకి వచ్చేస్తుంటాయి. వాట్సాప్ నోటిఫికేషన్ సెట్టింగుల్లో, ఫోన్ సెట్టింగుల వైపు నుంచి వెళ్తే, ఇవి రకాలవారీగా విడివిడిగా కనిపిస్తాయి, వాటిని అక్కడే ఆపేయొచ్చు. మెసేజ్‌ల రకాన్ని మాత్రం ముట్టుకోకండి.

ఇప్పుడు మిగిలింది ఫోన్ ఒకసారి, చెయ్యి ఒకసారి. దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: ఒక్కో యాప్‌కి ఒకటే చోటు. చేతికి వచ్చే యాప్ ఫోన్ మీద మోగకూడదు, ఫోన్ మీద మోగే యాప్ చేతికి రాకూడదు. కాల్స్ ఒక్కటే మినహాయింపు, అవి రెండుచోట్లా మోగనివ్వండి, ఎందుకంటే కాల్ అందుకోవడానికి ఫోన్ ఎక్కడుందో తెలియాలి.

మొత్తం ఫోన్‌నే సైలెంట్‌లో పెట్టేస్తే సరిపోదా అంటారు చాలామంది. నేనూ అదే చేశాను ఒకప్పుడు, ఏడెనిమిది నెలలు హాయిగా నడిచింది. ఒకరోజు వాచ్ చార్జింగ్‌లో పెట్టి మర్చిపోయి బయటికెళ్లాను, ఫోన్ జేబులోనే ఉంది, మా తమ్ముడు బస్సు దిగి నలభై నిమిషాలు నిలబడి మెసేజ్ మీద మెసేజ్ పెట్టాడు, నాకు ఒక్కటీ తెలియలేదు. అప్పటినుంచి ఫోన్ మొత్తాన్ని సైలెంట్ చేయడం మానేసి యాప్‌వారీగా చేస్తున్నాను.

యాప్‌వారీగా చేసేటప్పుడు ఒక గొయ్యి ఉంది, జాగ్రత్త. ఫోన్‌లో ఏ నోటిఫికేషన్ మీదైనా నొక్కిపట్టుకుంటే Default, Silent అని కనిపిస్తాయి. ఫోన్ మోగకూడదు కదా అని Silent నొక్కాలనిపిస్తుంది. కానీ Silent అంటే శబ్దం లేకపోవడం మాత్రమే కాదు, "ఇది ముఖ్యం కాదు" అని ఆ నోటిఫికేషన్ స్థాయినే తగ్గించడం. కొన్ని వాచ్ యాప్‌లు అది చూసి చేతికి పంపడమే మానేస్తాయి, లేదా పంపినా వాచ్ అదరదు. అప్పుడు ఫోన్ మీదా తెలియదు, చేతి మీదా తెలియదు. అందుకని Default అలాగే ఉంచి, లోపలికెళ్లి శబ్దం None చేసి, వైబ్రేషన్ ఆఫ్ చేయండి. వాట్సాప్‌కి ఇంకా సులువు, వాట్సాప్ సెట్టింగుల్లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్తే మెసేజ్‌లకి Notification tone, Vibrate అని ఉంటాయి, మొదటిది None, రెండోది Off. కింద గ్రూపులకి మళ్లీ అవే విడిగా ఉంటాయి, అక్కడా చేయండి. చేశాక మళ్లీ అక్కతో ఒక మెసేజ్ పెట్టించుకోండి, ఫోన్ కదలకూడదు, చెయ్యి ఒకసారి అదరాలి. చెయ్యి కూడా అదరకపోతే Silent లోకి జారిపోయిందేమో చూడండి.

ఇంకో స్విచ్ కూడా వెతకండి. ఫోన్ స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడే, లేదా ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడే వాచ్‌కి పంపు అనే ఆప్షన్ కొన్ని వాచ్ యాప్‌లలో ఉంటుంది, నోటిఫికేషన్ల పేజీలో పైనో చివరనో ఉంటుంది. అది ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. మీరు ఫోన్ చేతిలో పట్టుకుని వాట్సాప్‌లోనే మాట్లాడుతుంటే ప్రతి జవాబుకీ మణికట్టు అదరడం ఉంది చూశారూ, ఈ డబుల్ గోలలో అన్నిటికంటే విసుగు పుట్టించేది అదే, అది ఈ ఒక్క స్విచ్‌తో పోతుంది.

ఇక ఏ యాప్స్ రానివ్వాలి. వాచ్ లిస్టులో ఉన్నవన్నీ ఒకసారి ఆఫ్ చేసేయండి, ఆఫ్ చేశాక ఒక్కొక్కటే కలుపుకుంటూ రండి. అన్నీ ఉంచి ఒక్కొక్కటి తీసేద్దాం అనుకుంటే ప్రతిదీ "ఏమో, ఎప్పుడైనా పనికొస్తుందేమో" అనిపిస్తుంది, చివరికి ఏదీ తీయరు. మొదటిరోజు కాల్స్, మెసేజెస్, వాట్సాప్, ఈ మూడే పెట్టండి. మర్నాడు సాయంత్రం Notification history తెరిచి పైనుంచి కిందకి చదవండి. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది వచ్చిన పావుగంటలో నేను ఏమైనా చేయాల్సి ఉండిందా? అక్క మెసేజ్‌కి అవును. క్యాలెండర్‌లో మీటింగ్ గుర్తుచేయడానికి అవును. బండి బయలుదేరింది, ఇంటి ముందుంది అని చెప్పే యాప్‌కి అవును. షాపింగ్ ఆఫర్‌కి, వీడియో యాప్‌కి, ఆటకి, ఫోటో లైకులకి కాదు. కాదు అన్నవి చేతికి రానక్కర్లేదు, వాటిలో సగం ఫోన్ మీద కూడా రానక్కర్లేదు.

కొన్ని యాప్‌లు మాత్రం అవును కాదుల మధ్య ఉంటాయి, వాటి దగ్గరే కొంచెం సేపు ఆగాలి. డెలివరీ యాప్ ఒకటే, దాంట్లోంచి మీ ఆర్డర్ వచ్చిందన్న మాటా వస్తుంది, ఈరోజు సగం ధర అన్న మాటా వస్తుంది. వాచ్ లిస్టులో ఆ యాప్‌కి ఒకటే టిక్ ఉంటుంది, ఇది రానివ్వు అది వద్దు అని చెప్పే వీలు అక్కడ లేదు. కానీ ఫోన్‌లో ఉంది. ఆండ్రాయిడ్ 8 నుంచి యాప్‌లు తమ నోటిఫికేషన్లని రకాలుగా విడగొట్టాలి, యాప్ నోటిఫికేషన్ సెట్టింగుల్లో ఆ రకాలన్నీ కనిపిస్తాయి. ఆఫర్ల రకాన్ని ఫోన్‌లోనే పూర్తిగా ఆఫ్ చేయండి. ఫోన్‌లో పుట్టని నోటిఫికేషన్ చేతికి రాదు కదా, అందుకే అసలు జల్లెడ ఫోన్ దగ్గరే పట్టాలి, వాచ్ దగ్గర పట్టేది రెండో జల్లెడ మాత్రమే. కొన్ని యాప్‌లు ఆఫర్లని కూడా ఆర్డర్ల రకంలోనే కలిపి పంపుతాయి, అలాంటిదాన్ని మొహమాటం లేకుండా చేతి నుంచి తీసేయండి.

బ్యాంకు కూడా ఇలాంటిదే. డబ్బు కట్ అయితే ఎస్సెమ్మెస్ వస్తుంది, బ్యాంకు యాప్ నుంచి వస్తుంది, ఒక్కోసారి ఈమెయిల్ కూడా వస్తుంది. ఒకే వార్త మూడు నోళ్లతో. ఇక్కడ తప్పు వాచ్‌ది కాదు, మూడూ నిజంగా వేరు వేరు నోటిఫికేషన్లే, కాబట్టి ఏ సెట్టింగూ వాటిని ఒకటి చేయదు, మీరే ఎంచుకోవాలి. మెసేజెస్ యాప్ ఎలాగూ చేతికి వస్తోంది కాబట్టి బ్యాంకు యాప్‌ని లిస్టులోంచి తీసేస్తే సరి. క్యాలెండర్ యాప్‌లు రెండుంటే, ఫోన్ కంపెనీది ఒకటి, మీరు వేసుకున్నది ఒకటి, రెండూ ఒకే అకౌంట్ చూస్తుంటే ప్రతి మీటింగ్‌కీ రెండుసార్లు మోగుతుంది, అక్కడ ఒకదాని నోటిఫికేషన్లు ఫోన్‌లోనే ఆపేయండి. ఈమెయిల్‌ని నేను చేతికి అసలు రానివ్వను. తప్పదు అనుకుంటే జీమెయిల్‌లో అకౌంట్ సెట్టింగుల్లో నోటిఫికేషన్లకి High priority only అని ఉంది, అది పెట్టి చూడండి.

మీ అక్క మెసేజ్ గురించి కూడా ఒక అనుమానం ఉంది నాకు. ఆరోజు మీరు అన్నీ ఆఫ్ చేశారు కాబట్టి కారణం అదే కావచ్చు, కానీ యాప్స్ సరిగ్గా ఎంచుకున్నాక కూడా అప్పుడప్పుడు మెసేజ్ రాకుండా పోయి, తర్వాత నాలుగైదు ఒకేసారి చేతి మీద టకటకా అదురుతుంటే, అది ఎంపిక తప్పు కాదు. ఫోన్ బ్యాటరీ ఆదా చేయడానికి వెనకాల నడిచే వాచ్ యాప్‌ని నిద్రపుచ్చుతోంది, లేదా మీరు వేరే గదిలోకి వెళ్లినప్పుడు బ్లూటూత్ తెగిపోతోంది. మళ్లీ కలిసినప్పుడు ఆగిపోయినవన్నీ ఒక్కసారిగా తోసేస్తుంది, వాటిలో మీరు ఫోన్‌లో ఎప్పుడో చూసేసినవి కూడా ఉంటాయి, అందుకే డబుల్ అనిపిస్తుంది. Settings > Apps లో మీ వాచ్ యాప్ తెరిచి బ్యాటరీ దగ్గర Unrestricted పెట్టండి. అలా పెట్టాక కూడా గది మారినప్పుడే ఇలా అవుతుంటే అది గోడల సమస్య, ఫోన్‌ని మీతోపాటు తీసుకెళ్లడం తప్ప దారి లేదు.

ఇదంతా మీలాంటి వాచ్ గురించి. వేరే వాచ్ మారితే లెక్క మారుతుంది, అందుకే రెండు ముక్కల్లో చెప్తాను. ఐఫోన్‌తో ఆపిల్ వాచ్ అయితే ఈ రెండుచోట్ల మోగే సమస్య మామూలుగా ఉండదు, ఫోన్ అన్‌లాక్ అయి ఉంటే ఫోన్‌కే, ఫోన్ లాక్ అయి వాచ్ చేతికి ఉంటే వాచ్‌కే పంపుతుంది. అక్కడ మెసేజ్ వచ్చిన రెండు నిమిషాలకి మళ్లీ ఒకసారి మోగితే అది డూప్లికేట్ కాదు, మెసేజెస్ నోటిఫికేషన్ సెట్టింగుల్లో Repeat Alerts అనేది Once మీద ఉంటుంది, Never చేస్తే పోతుంది. ఐఫోన్‌కి వేరే కంపెనీ వాచ్ కలిపితే మాత్రం ఫోన్, వాచ్ రెండూ మోగుతాయి, మీకు చెప్పినట్టే ఫోన్ వైపు శబ్దం తగ్గించుకోవాలి. వాచ్‌లోనే సొంతంగా యాప్స్ వేసుకునే వేర్ ఓఎస్ వాచ్ అయితే ఇంకో రకం డబుల్ రావచ్చు: ఒకే యాప్ ఫోన్‌లోనూ వాచ్‌లోనూ ఉంటే, ఫోన్ నుంచి వచ్చిన కాపీ ఒకటి, వాచ్‌లో ఉన్న యాప్ సొంతంగా పెట్టింది ఒకటి. చేతి మీద ఆ యాప్‌ని నిజంగా తెరిచి వాడకపోతే వాచ్‌లోంచి తీసేయండి, నోటిఫికేషన్ ఫోన్ నుంచి ఎలాగూ వస్తుంది.

చివరగా మీ విషయంలో చార్జింగ్ సంగతి. వాట్సాప్, మెసేజెస్ రెంటికీ ఫోన్ శబ్దం తీసేశాక, వాచ్ చార్జర్ మీద ఉన్న గంటసేపు మీకు అవి ఎక్కడా మోగవు. కాబట్టి వాచ్ చార్జింగ్‌ని ఫోన్ ఎలాగూ చేతిలో ఉండే టైమ్‌కి పెట్టుకోండి. అక్క లాంటి ఒకరిద్దరికి మాత్రం వాట్సాప్‌లో ఆ చాట్ తెరిచి, పైన పేరు మీద నొక్కి, నోటిఫికేషన్లలో విడిగా ఒక టోన్ పెట్టండి. వాళ్ల మెసేజ్ ఫోన్ మీదా చేతి మీదా రెండుచోట్లా మోగుతుంది, ఆ ఒకరిద్దరి విషయంలో అలా మోగడమే మంచిది.